డెమరేజ్ బిల్లు మీద ఏజెంట్‌కు పంపాల్సిన మెయిల్ (తిరగరాసింది)

బావా, రాత్రి మీరు వాట్సాప్‌లో పెట్టిన డ్రాఫ్ట్ ఇది:

"మీ బిల్లు చూసి మతి పోయింది. నాలుగు లక్షల పద్నాలుగు వేలు ఏంటండీ? డీఓ లేటు చేసింది మీరు, ఎంప్టీ తీసుకోనిది మీరు, డబ్బులు మాత్రం మేం కట్టాలా? ఇది దోపిడీ. ఒక్క పైసా కట్టం. ఇకపై మీ లైన్‌లో బుకింగే చెయ్యం."

కోపం న్యాయమే, కానీ దీన్నిలా పంపితే వాళ్ళు చదివి పక్కన పడేస్తారు. అసలు పెద్ద తప్పులు రెండూ ఇందులో లేనేలేవు. ఫ్రీ డేస్ 14 అయితే వాళ్ళు 7 వేశారు. కంటైనర్లు దిగిన తేదీ కాకుండా ఓడ వచ్చిన తేదీ నుంచి లెక్క కట్టారు. "ఒక్క పైసా కట్టం" అన్నమాట కూడా తీసేశాను. రెండో కంటైనర్ మన గోడౌన్‌లోనే కళాసీలు రాక నాలుగు రోజులు కూర్చుంది కదా, ఆ మేరకు మనం కట్టాలి. అది మనమే ముందు ఒప్పుకుంటే మిగతా మాటకు బరువు వస్తుంది. కింద ఉన్నది చూసి ఓకే అంటే మీ మెయిల్ నుంచే పంపేస్తాను.

తేదీ: 12 జులై 2025
విషయం: ఇన్వాయిస్ VTZ/IMP/2025-26/1187 (8 జులై 2025) మీద అభ్యంతరం, బీఎల్ ABJVTZ25-0417, మూడు 40 అడుగుల కంటైనర్లు

ఇంపోర్ట్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. అబిద్జాన్ నుంచి విశాఖపట్నం వచ్చిన జీడి పిక్కల మూడు కంటైనర్లకు మీరు పంపిన ఇన్వాయిస్ 10వ తేదీన అందింది. 4,010 డాలర్లను 87.50 చొప్పున మార్చి, 18 శాతం జీఎస్టీ కలిపి మొత్తం రూ. 4,14,032.50 అడిగారు. మా దగ్గరున్న కాగితాలతో పోల్చి చూస్తే ఈ లెక్క కలవడం లేదు. జరిగింది తేదీల వారీగా రాస్తున్నాను.

28 ఏప్రిల్: రేటు ఖాయం చేస్తూ మీ ఆఫీసు పంపిన మెయిల్‌లో, విశాఖలో ఫ్రీ డేస్ 14, కంటైనర్ ఓడ నుంచి దిగిన రోజుతో కలిపి అని స్పష్టంగా ఉంది.
6 జూన్: బిల్ ఆఫ్ ఎంట్రీ వేశాం.
9 జూన్: ఓడ వచ్చింది.
11 జూన్: QVZU 310472 7, QVZU 310488 2 దిగాయి.
12 జూన్: QVZU 316905 5 దిగింది.
16 జూన్: ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళు శాంపిళ్ళు తీశారు.
20 జూన్, శుక్రవారం: ఉదయం క్వారంటైన్ రిలీజ్, మధ్యాహ్నం కస్టమ్స్ అవుట్ ఆఫ్ ఛార్జ్ వచ్చాయి. అదే రోజు మీ లోకల్ ఛార్జీలు, కంటైనర్ డిపాజిట్ కట్టి డీఓ అడిగాం.
25 జూన్, బుధవారం: సాయంత్రం 4 గంటలకు డీఓ చేతికొచ్చింది. లోడింగ్ పోర్టు నుంచి రిలీజ్ కన్ఫర్మేషన్ రాలేదని మధ్యలో రెండుసార్లు మీ మెయిల్‌లోనే చెప్పారు.
26 జూన్: మొదటి రెండు కంటైనర్లు గేట్ అవుట్.
27 జూన్: మూడోది గేట్ అవుట్.
28 జూన్: QVZU 310472 7 ఎంప్టీ యార్డుకు అప్పగించాం.
30 జూన్: QVZU 310488 2 అప్పగించాం. అదే రోజు ఉదయం 11 గంటలకు QVZU 316905 5తో వెళ్ళిన మా లారీని, యార్డు నిండిపోయిందని గేటు దగ్గరే వెనక్కి పంపారు.
3 జులై: QVZU 316905 5ను తీసుకున్నారు.

మీ బిల్లులో మూడింటికీ 9 జూన్ నుంచి రోజులు లెక్కపెట్టి, 15 జూన్‌తో ఫ్రీ డేస్ అయిపోయాయని, 16 నుంచి ఛార్జీ వేశారు. అలా 13, 15, 18 రోజులు వచ్చాయి. 28 ఏప్రిల్ మెయిల్ ప్రకారం మొదటి రెండింటికీ ఫ్రీ డేస్ 24 జూన్ వరకు, మూడోదానికి 25 జూన్ వరకు ఉన్నాయి. మీ రేట్లే (మొదటి ఏడు రోజులు రోజుకు 60 డాలర్లు, ఆ తర్వాత 110) తీసుకున్నా వచ్చేది ఇంతే:

QVZU 310472 7: 25 నుంచి 28 జూన్, 4 రోజులు, 240 డాలర్లు.
QVZU 310488 2: 25 నుంచి 30 జూన్, 6 రోజులు, 360 డాలర్లు.
QVZU 316905 5: 26 నుంచి 30 జూన్, 5 రోజులు, 300 డాలర్లు.

మూడో కంటైనర్‌కు 30 జూన్‌తో ఆపడానికి కారణం పైన రాశాను. ఎంప్టీని తెచ్చి మీరు చెప్పిన యార్డు గేటు దగ్గర నిలబెట్టాక, అక్కడ చోటు లేకపోవడం మా తప్పు కాదు. లారీ డ్రైవర్ తీసిన ఫోటోలో తేదీ, టైమ్ ఉన్నాయి. ఆ సాయంత్రం 5:20కి మీ కంటైనర్ డెస్క్‌కు మేం పంపిన మెయిల్ కూడా జతచేశాం. లారీని మళ్ళీ పంపిన అద్దె మేం అడగడం లేదు.

ఇక్కడికి 900 డాలర్లు. ఇందులో వాదించేది ఏమీ లేదు, రోజుల లెక్కే.

డీఓ సంగతి వేరు, దాన్ని మీతో మాట్లాడి తేల్చుకోవాలనుకుంటున్నాం. డబ్బు కట్టి, కస్టమ్స్ పని పూర్తిచేసుకుని కూడా మీ రిలీజ్ కోసం ఎదురుచూశాం. మీ ఆఫీసు పనిచేసే శనివారం, 21న ఇచ్చినా నాలుగు రోజులు ముందే సరుకు బయటపడేది, ఎంప్టీలూ అంతే ముందు తిరిగొచ్చేవి. ఆ నాలుగు రోజులు ఒక్కో కంటైనర్‌కు తగ్గిస్తే మొదటిదానికి ఏమీ ఉండదు, రెండోదానికి 2 రోజులు, మూడోదానికి 1 రోజు మిగులుతాయి. అంటే 180 డాలర్లు. మీ మారకం రేటుతో, జీఎస్టీతో కలిపి రూ. 18,585. సవరించిన ఇన్వాయిస్ వచ్చిన రోజే దీన్ని కడతాం. రెండో కంటైనర్‌ను అన్‌లోడ్ చేయడంలో మా వైపు ఆలస్యం జరిగింది, ఆ రోజులకు మినహాయింపు అడగడం లేదు.

మరొకటి. బిల్లులో అంతా "డెమరేజ్" అని ఒకే లైన్‌లో ఉంది. కానీ అందులో పోర్టు లోపల ఉన్న రోజులు, లారీ మీద, మా గోడౌన్‌లో ఉన్న రోజులు కలిసిపోయాయి. టెర్మినల్ గ్రౌండ్ రెంట్‌ను మేం టెర్మినల్‌కు వేరేగా కట్టేశాం, రసీదు జతచేశాం. అదే మొత్తం మీ బిల్లులో మళ్ళీ లేదని తెలియాలంటే, కంటైనర్ వారీగా, ఏ తేదీ నుంచి ఏ తేదీకి, ఏ రేటు అన్నది విడదీసి ఇవ్వాలి.

ఈ కింది పనులు 19 జులై లోపు చేయగలరు:

పాత ఇన్వాయిస్‌కు క్రెడిట్ నోట్ ఇచ్చి, సరిచేసిన లెక్కతో కొత్త ఇన్వాయిస్ పంపండి. జీఎస్టీ రిటర్న్‌లో మేం దాన్ని చూపించాలి, కాబట్టి ఫోన్‌లో "అడ్జస్ట్ చేస్తాం" అంటే సరిపోదు. ఇది తేలేవరకు మేం కట్టిన రూ. 3,00,000 కంటైనర్ డిపాజిట్‌లో ఈ బిల్లు కింద ఏదీ పట్టుకోవద్దు. ఫ్రీ డేస్ 7 అని మీరు భావిస్తే, ఏ కాగితం ఆధారంగానో దాని కాపీ పంపండి.

జతచేసినవి: 28 ఏప్రిల్ మెయిల్, టెర్మినల్ ల్యాండింగ్ రికార్డు, అవుట్ ఆఫ్ ఛార్జ్ కాపీ, 20 జూన్ చెల్లింపు రసీదు, డీఓ, మూడు ఎంప్టీ అప్పగింత రసీదులు, 30 జూన్ ఫోటో, మెయిల్, గ్రౌండ్ రెంట్ రసీదు.

ఆగస్టులో మరో రెండు కంటైనర్లు ఇదే రూట్లో రావాల్సి ఉంది. వాటి బుకింగ్‌కు ముందే ఫ్రీ డేస్ ఎన్ని, ఏ రోజు నుంచి అన్నది బీఎల్ మీదే రాయించాలని మా షిప్పర్‌కు చెప్పాం.

ఇట్లు,
ప్రొప్రైటర్
జీడిపప్పు ఫ్యాక్టరీ, పలాస

బావా, ఫోటో ఒరిజినల్ డ్రైవర్ ఫోన్‌లోనే ఉంది. అతను ఫోన్ మార్చేలోపు నాకు ఫార్వర్డ్ చేయించండి.