రిఫరల్ అడిగిన మీకు నా సమాధానం

నమస్కారమండి. పరవాడ ఫార్మా సిటీలోని మా ల్యాబ్ గురించి నేను రాసినది చదివి రిఫరల్ అడిగినందుకు సంతోషం. అయితే మీ పనిని దగ్గరగా చూడకుండా సిఫారసు చేయడం మీకూ, నా మాట నమ్మే సంస్థకూ న్యాయం కాదు కనుక ఆ ఒక్కటీ చేయలేను.

మీరు జతచేసిన రెజ్యూమె మాత్రం శ్రద్ధగా చదివాను. అందులో ‘హెచ్‌పీఎల్‌సీ తెలుసు’ అని ఒక్క ముక్కతో వదిలేశారు. ఏ నమూనాను పరీక్షించారో, మొబైల్ ఫేజ్ ఎలా తయారుచేశారో, పీక్ టెయిలింగ్ వచ్చినప్పుడు కాలమ్‌నూ, పీహెచ్‌నూ ఎలా సరిచూశారో రాయండి. క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూల్లో మేము తరచి అడిగేది అదే. కొత్త పట్టభద్రులకు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకమైన నాట్స్ పోర్టల్‌లో స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి, తప్పక చూడండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి మాత్రం దయచేసి రూపాయి కూడా ఇవ్వకండి. సవరించిన రెజ్యూమె పంపితే ఆదివారం చూసి చెబుతాను.