హెడ్డింగ్ ఒకటి, తులం రేటు ఒకటి

కూర్చోండి. ఇవాళ పుస్తకం తరువాత తెరుద్దాం. నిన్న క్లాస్ అయిపోయాక సెకండ్ బెంచ్‌లోని అమ్మాయి ఒక మాట అడిగింది. "సర్, యుద్ధం వస్తే బంగారం పెరుగుతదని పేపర్ల రాస్తారు కదా. మా బావ అది నమ్మి ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రెండు వారాలకు నాలుగు తులాలు కొన్నడు. ఆర్నెల్లయినా యుద్ధం ఆగలే, రేటు మాత్రం దిగింది. ఎట్ల సర్?" చాలా మంచి ప్రశ్న. రాత్రంతా నా మనసులో అదే తిరిగింది. అందుకే ఈ గంట మొత్తం దానికే ఇస్తున్నాను.

ముందు జరిగింది చూద్దాం. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది. ఆ రోజే బంగారం ఎగిరింది, చీకటి పడేలోపు ఆ ఎగిరినదాంట్లో చాలా భాగం పోగొట్టుకుంది. మళ్లీ లేచి మార్చి 8న ఔన్సు 2,070 డాలర్ల దాకా వెళ్లింది. మీ బావ కొన్నది సరిగ్గా అప్పుడే. సెప్టెంబర్ చివరికి అదే ఔన్సు 1,620 దరిదాపుల్లో ఉంది. యుద్ధం ఆగిందా? లేదు. అమెరికాలో ధరల పెరుగుదల జూన్‌లో 9.1 శాతం, అంటే నలభై ఏళ్లలో ఎప్పుడూ లేనంత. యుద్ధమూ ఉంది, ద్రవ్యోల్బణమూ ఉంది. పేపర్ లెక్కన బంగారం ఆకాశంలో ఉండాలి.

మీలో ఎనుమాముల మార్కెట్ యార్డు చూసినవాళ్లు చెయ్యెత్తండి. సగం మంది ఉన్నారు, మంచిది. అకాల వానకు మిర్చి దెబ్బతిన్నదని పొద్దున పేపర్లో వస్తుంది. ఆ రోజు మీ నాయిన బస్తాలు తీసుకుపోతే క్వింటాలుకు రేటు పెరిగి ఉంటుందా? ఉండకపోవచ్చు. వాన పడిన రాత్రే వ్యాపారికి ఫోన్ వచ్చింది, రేటు అప్పుడే మారిపోయింది. కోల్డ్ స్టోరేజీలో ఇంకా ఎన్ని బస్తాలున్నాయో కూడా అతనికి తెలుసు. పేపర్ మన ఇంటికి వచ్చేసరికి ఆ వార్తలోని పస ధరలో కలిసిపోయి ఉంటుంది. బంగారంలోనూ ఇంతే. సరిహద్దులో సైన్యం పోగవుతున్నదని ప్రపంచమంతా వారాల తరబడి చూసింది. భయపడి కొనదలచినవాళ్లు ముందే కొన్నారు. తుపాకీ పేలిన రోజు కొత్తగా భయపడడానికి మిగిలినవాళ్లు కొద్దిమందే. ధర కదిలేది జరిగినదాన్ని బట్టి కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాను బట్టి. ఈ ఒక్క వాక్యం నోట్స్‌లో రాసుకోండి.

ఇది సగం జవాబే. మిగతా సగం కోసం వడ్డీ దగ్గరకు రావాలి. బంగారం బీరువాలో పెడితే వడ్డీ రాదు. అమెరికా ప్రభుత్వ బాండు కొంటే వస్తుంది. 2022 మొదట్లో అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పెట్టే వడ్డీ సున్నా దగ్గర ఉండేది, సెప్టెంబర్‌కు 3 శాతం దాటింది, డిసెంబర్‌కు 4 శాతం దాటింది. ఎందుకు పెంచారు? ఆ 9.1 శాతాన్ని అదుపు చేయడానికి. చూడండి, ఒకే వార్త బంగారాన్ని రెండు వైపులా లాగుతున్నది. 'ధరలు మండుతున్నాయి' అంటే డబ్బు విలువ పోతున్నదని బంగారం కొనేవాళ్లున్నారు. 'ధరలు మండుతున్నాయి కాబట్టి వడ్డీ పెంచుతారు' అని బంగారం అమ్మి డాలర్లలోకి పోయేవాళ్లున్నారు. ఏ పక్క బలం ఎక్కువో హెడ్డింగ్‌లో ఉండదు. ఆ ఏడాది రెండో పక్క గెలిచింది.

ఇంకో ఘటన చెప్తాను, నాకు దీని మీద ప్రత్యేకమైన పట్టింపు. 2020 మార్చిలో కరోనా భయం ప్రపంచాన్ని కమ్మిన పది రోజుల్లో బంగారం 1,700 డాలర్ల దరిదాపుల నుంచి 1,500 కిందికి పడింది. ఆపదలో ఆదుకునే వస్తువు ఆపద రోజే పడిపోయిందేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. మన ఇళ్లలో చూడండి. అర్ధరాత్రి ఆస్పత్రిలో లక్ష కట్టమంటే ముందుగా తాకట్టుకు పోయేది ఏది? అమ్మ చేతి గాజులు. పొలం ఒక్క పూటలో అమ్ముడుపోదు, గాజులు పోతాయి. బంగారం మీద నమ్మకం లేక అమ్మం. దాన్ని అడిగిన వెంటనే డబ్బు చేసుకోవచ్చు కాబట్టి అమ్ముతాం. ఆ మార్చిలో పెద్ద పెద్ద ఫండ్లు చేసిందీ అదే: షేర్లలో నష్టాలు పూడ్చడానికి బంగారం అమ్మాయి. ఆ ఒత్తిడి తీరాక, ఆగస్టుకు, అదే బంగారం 2,000 డాలర్లు దాటింది.

ఇక మన బోర్డు మీది రేటు. ప్రపంచమంతా కొలతగా చూసే లండన్ ధర డాలర్లలో, ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సు అంటే 31.1035 గ్రాములు. లెక్క వేద్దాం. ఔన్సు 2,400 డాలర్లు, డాలరు 84 రూపాయలు అనుకోండి. గుణిస్తే 2,01,600. దాన్ని 31.1035తో భాగించి పదితో గుణిస్తే పది గ్రాములకు సుమారు 64,816 రూపాయలు. దీని మీద దిగుమతి సుంకం 15 శాతం వేస్తే 74,538. అదే 6 శాతమైతే 68,705. తేడా ఎంత? 5,800కు పైనే. ఇది ఊహ కాదు. 2024 జూలై 23న బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6కు తగ్గించినప్పుడు మన బజార్లో తులం రేటు వేలల్లో పడింది. ఆ రోజు లండన్‌లో అలాంటి పతనమేమీ లేదు.

ఇప్పుడు మీ బావ దగ్గరకు రండి. డాలర్లలో చూస్తే బంగారం ఐదో వంతు పోయింది. మన దగ్గర పది గ్రాములు 55 వేల దాకా వెళ్లి 50 వేల దరిదాపుల్లోకి దిగింది, అంటే పదో వంతు. మిగతా నష్టాన్ని ఎవరు మోశారు? రూపాయి డాలరుకు 76 నుంచి 81 దాటి పడిపోయింది, జూలైలో సుంకం 10.75 నుంచి 15 శాతానికి పెంచారు. రూపాయి పడిందని మనం తిట్టుకున్న వార్తే మీ బావను కొంత కాపాడింది.

అయితే వడ్డీ సూత్రాన్ని కూడా గుడ్డిగా పట్టుకోకండి. 2023, 2024లో అమెరికా వడ్డీ 5 శాతం దాటినా బంగారం కొత్త రికార్డులు పెట్టింది. 2022లో రష్యా విదేశీ నిల్వలను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక, కొన్ని దేశాల సెంట్రల్ బ్యాంకులు డాలరు కంటే తమ చేతిలోని బంగారమే మేలనుకున్నాయి. ప్రపంచం మొత్తం మీద సెంట్రల్ బ్యాంకులు వరుసగా మూడేళ్లు, ఏడాదికి వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ఇలాంటి కొనుగోళ్లు నెలల తరబడి నెమ్మదిగా జరుగుతాయి, ఏ ఒక్క రోజు హెడ్డింగ్‌కూ అందవు.

హెడ్డింగులు ఎలా తయారవుతాయో కూడా గమనించండి. సాయంత్రం ధర పెరిగి ఉంటే 'యుద్ధ భయాలతో పెరిగిన పసిడి'. తగ్గి ఉంటే 'యుద్ధ భయాలున్నా దిగిన పసిడి'. ధర ముందు, కారణం వెనుక.

రేపటి నుంచి పది రోజులు ఈ పని చేయండి. నోట్‌బుక్‌లో ఐదు గడులు గీయండి: ఔన్సు ధర, డాలరు రేటు, అమెరికా పదేళ్ల బాండు వడ్డీ, హనుమకొండలో మీ దగ్గరి దుకాణం రేటు, ఆ రోజు పెద్ద వార్త. పొద్దున వార్త మాత్రమే చదివి, ధర చూడకుండా, పెరుగుతుందా తగ్గుతుందా అని పెన్‌తో రాయండి. రాత్రికి సరిచూసుకోండి. దిద్దుబాట్లు వద్దు, కొట్టివేతలు వద్దు.

అమ్మా, నువ్వు మీ బావ దగ్గర ఆ బిల్లు ఉంటే తీసుకురా. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ అన్నీ విడదీద్దాం. ఆయన నష్టంలో బంగారం వల్ల పోయింది ఎంతో, మిగతావాటికి పోయింది ఎంతో సోమవారం ఇదే బోర్డు మీద లెక్క కడదాం.