గ్రామీణ జీవనోపాధి కార్యక్రమ మూల్యాంకనానికి బయటి కన్సల్టెంట్ నియామకం: విధివిధానాలు

నేపథ్యం

మా సంస్థ 62 గ్రామాల్లో నాలుగేళ్లుగా నడుపుతున్న జీవనోపాధి కార్యక్రమం మరో ఐదు నెలల్లో ముగుస్తుంది. భూమి లేని, లేదా చాలా తక్కువ భూమి ఉన్న 3,400 కుటుంబాలకు మేకలు, పెరటి కోళ్లు ఇవ్వడం, కూరగాయల సాగుకు పెట్టుబడి సమకూర్చడం, మహిళలతో పొదుపు సంఘాలు ఏర్పరచడం, ఊరికొకరికి పశువుల ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వడం ఇందులోని ప్రధానమైన పనులు. రెండో ఏట జరిపిన మధ్యంతర సమీక్ష మాకు పెద్దగా ఉపయోగపడలేదు. సమీక్షకులు చూసినవి ఎక్కువగా రోడ్డు పక్కనున్న గ్రామాలే, మాట్లాడినది మా సిబ్బంది పిలిపించిన సభ్యులతోనే. ఆ ఏర్పాటు చేసింది మేమే కనుక, అది మళ్లీ జరగకుండా చూసే నిబంధనలను ఇక్కడ ముందుగానే రాసి పెడుతున్నాం.

మూల్యాంకనం తేల్చవలసినవి

రెండో దశ చేపట్టాలా వద్దా, చేపడితే ఏ పనులు ఉంచి ఏవి మానుకోవాలన్నది పాలకమండలి ఈ నివేదికను చూసే నిర్ణయిస్తుంది. ఓఈసీడీ అభివృద్ధి సహాయ కమిటీ 1991లో ప్రతిపాదించి, 2019లో పొందికను కూడా చేర్చి సవరించిన ఆరు ప్రమాణాలను కన్సల్టెంట్ దృష్టిలో ఉంచుకోవాలి. అయితే ఆరింటికీ సమానంగా పేజీలు కేటాయించనక్కరలేదు. మాకు ముఖ్యమైనవి ప్రభావం, సుస్థిరత. మిగతావాటిని క్లుప్తంగా ముగించవచ్చు.

ఆదాయం పెరిగిందో లేదో చెప్పేటప్పుడు అమ్మకపు సొమ్మునే ఆదాయంగా లెక్కించరాదు. మేతకు, మందులకు అయిన ఖర్చు, చనిపోయిన మేకపిల్లలు, కోడిపిల్లల వల్ల కలిగిన నష్టం, మేపడం కోసం వదులుకున్న కూలి తీసివేయగా మిగిలినదే ఆదాయం. ఇంటి స్త్రీలు వెచ్చించిన గంటలను విడిగా చూపాలి. అప్పుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఒక సభ్యురాలి పాసుపుస్తకంలో వాయిదాలన్నీ తప్పకుండా కట్టినట్టు ఉండవచ్చు, కానీ ఆ డబ్బు మేకలు అమ్మగా వచ్చిందో, మరోచోట వడ్డీకి తెచ్చి కట్టిందో పుస్తకం చెప్పదు. సంఘం సమావేశంలో కాక, ఆమె ఇంటి దగ్గర తీరికగా కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

మధ్యలో తప్పుకున్న 410 కుటుంబాల జాబితా మా దగ్గర ఉంది. అందులో కనీసం 60 కుటుంబాలతో మాట్లాడటం తప్పనిసరి. వలస వెళ్లినవారితో ఫోన్‌లో మాట్లాడవచ్చు. వారు ఎందుకు తప్పుకున్నారో తెలుసుకోకుండా, నిలిచినవారి మాటలతోనే వచ్చే నివేదికను మేము అంగీకరించం.

పద్ధతి

ప్రారంభంలో 600 కుటుంబాలను సర్వే చేశాం. వాటిలో 200 కార్యక్రమం లేని పొరుగు గ్రామాలవి. ఇప్పుడు మళ్లీ అవే కుటుంబాలను కలిసి, కార్యక్రమం ఉన్నచోట వచ్చిన మార్పు నుంచి లేనిచోట వచ్చిన మార్పును తీసివేసి చూడాలి. మొదటి సర్వే కోతలు ముగిసిన రెండు నెలలకు జరిగింది కనుక ఇదీ అదే కాలంలో జరగాలి. లేకపోతే చేతిలో పంట డబ్బు ఉండటమో లేకపోవడమో కార్యక్రమ ఫలితంలా కనిపిస్తుంది. దొరకని కుటుంబాలు ఎన్ని, అవి మిగతావాటికంటే పేదవా కావా అన్నది నివేదికలో చెప్పాలి.

లోతైన ముఖాముఖీలకు, బృంద చర్చలకు గ్రామాలను, వ్యక్తులను కన్సల్టెంటే ఎంచుకోవాలి. ఆ సమయంలో మా సిబ్బంది ఎవరూ అక్కడ ఉండరు. మాట్లాడేవారికి ఉద్దేశం వివరించి, వారి సమ్మతి తీసుకోవాలి. ఇష్టం లేకపోతే మానుకోవచ్చనీ, దానివల్ల సాయం ఆగదనీ స్పష్టంగా చెప్పాలి. పేర్లను మాకు సైతం ఇవ్వకూడదు.

గడువులు, చెల్లింపు

ఒప్పందం 100 రోజులు. 15వ రోజుకు ప్రారంభ నివేదిక, ప్రశ్నావళి అందాలి. క్షేత్ర పని పూర్తయ్యాక తొలి ఫలితాలను ఆరు గ్రామాల్లో ప్రజల ముందుంచి, వారి అభిప్రాయాలను నమోదు చేయాలి. ఈ పనికి మూడు రోజులు విడిగా కేటాయించాం, దీన్ని తగ్గించవద్దని కోరుతున్నాం. 80వ రోజుకు ముసాయిదా, 100వ రోజుకు 40 పేజీలు మించని తుది నివేదిక, గ్రామస్తులకు అర్థమయ్యే నాలుగు పేజీల సారాంశం ఇవ్వాలి. ముసాయిదాపై పది రోజుల్లో స్పందిస్తాం. వాస్తవాల్లో పొరపాట్లను మాత్రమే ఎత్తిచూపుతాం, నిర్ధారణలను మార్చమని అడగం. ఏకీభవించని చోట మా జవాబును నివేదిక చివర జతచేస్తాం. ఫలితాలు మాకు అనుకూలమైనా కాకపోయినా నివేదికను యథాతథంగా ప్రచురిస్తాం.

పారితోషికంలో 20 శాతం ప్రారంభ నివేదికకు, 30 శాతం ముసాయిదాకు, 50 శాతం తుది నివేదికకు చెల్లిస్తాం.

అర్హతలు, దరఖాస్తు

గ్రామీణ జీవనోపాధుల మూల్యాంకనంలో కనీసం ఎనిమిదేళ్ల అనుభవం ఉండాలి. బృందంలో పశుపోషణ తెలిసినవారు ఒకరు, స్థానిక భాష మాట్లాడే మహిళా పరిశోధకులు ఇద్దరు తప్పనిసరి. గత మూడేళ్లలో మా సంస్థ వద్ద గాని, మా దాతల వద్ద గాని పనిచేసినవారు అర్హులు కారు. ప్రకటన వెలువడిన 21 రోజుల్లోగా ఆరు పేజీల సాంకేతిక ప్రతిపాదనను, ఆర్థిక ప్రతిపాదనను వేర్వేరు కవర్లలో, స్వయంగా రాసిన ఒక పాత నివేదికతో కలిపి పంపాలి. ఎంపికలో సాంకేతిక ప్రతిపాదనకు 80, ధరకు 20 మార్కులు ఉంటాయి.