సంపాదిత సెలవు దరఖాస్తు (ఏపీటీసీ ఫారం 11)

1. పేరు, హోదా: కె. సరళ, జూనియర్ అసిస్టెంట్
2. కార్యాలయం: తహశీల్దారు కార్యాలయం, కొల్లిపర
3. వర్తించే నిబంధనలు: ఏపీ సెలవు నిబంధనలు, 1933
4. మూల వేతనం: రూ.28,280
5. కోరిన సెలవు: సంపాదిత సెలవు 13 రోజులు, 10-11-2025 నుంచి 22-11-2025 వరకు
6. ముందు, వెనుక కలుపుకొనే సెలవు దినాలు: ముందు 8-11-2025 (రెండో శనివారం), 9-11-2025 (ఆదివారం), వెనుక 23-11-2025 (ఆదివారం)
7. కారణం: మా అమ్మగారికి 11-11-2025న విజయవాడలో మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్స. దగ్గరుండి చూసుకునేవారు వేరే లేరు. వైద్యుని లేఖ జతపరిచాను.
8. గత సెలవు: సంపాదిత సెలవు 6 రోజులు, 17-02-2025న విధుల్లో చేరాను
9. ఎల్‌టీసీ: వినియోగించుకోను
10. సెలవులో చిరునామా: పటమట, విజయవాడ. 7-11-2025 సాయంత్రం పనివేళల తర్వాత హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లేందుకు అనుమతి కోరుతున్నాను.

24-11-2025 ఉదయం విధుల్లో చేరతాను.

కొల్లిపర, 27-10-2025
(సం.) కె. సరళ

తహశీల్దారు ఫార్వర్డింగ్ నోట్
ఆర్.సి.నం. ఎ/412/2025, తేదీ 28-10-2025

రెవెన్యూ డివిజనల్ అధికారి, తెనాలి వారికి సమర్పించడమైనది.

సర్వీసు రిజిస్టరు సరిచూశాను. 1-7-2025న జమైన 15 రోజులతో కలిపి ఖాతాలో 111 రోజులున్నాయి. ఇది మంజూరైతే 98 మిగులుతాయి. ఆమె చూసే ‘ఎ’ సెక్షన్ ఇన్‌వర్డ్, పెండింగ్ ఫైళ్లు, బీరువా తాళాలు జాబితా ప్రకారం ‘బి’ సెక్షన్ జూనియర్ అసిస్టెంట్‌కు 7వ తేదీన అప్పగిస్తారు. నవంబరు జీతాల బిల్లు సీనియర్ అసిస్టెంట్ తయారుచేస్తారు, ఆలస్యం కాదు. బదులు సిబ్బంది అవసరం లేదు. శస్త్రచికిత్స తేదీ మారేది కాదు గనుక 7వ తేదీలోగా ఉత్తర్వులు ఇప్పించగోరుతూ, సెలవు మంజూరుకు సిఫారసు చేస్తున్నాను.

(సం.) తహశీల్దారు, కొల్లిపర
జతలు: వైద్యుని లేఖ, సెలవు ఖాతా నకలు, అప్పగింత జాబితా