తాళపత్రాల ఫోటోలు సిద్ధాంత వ్యాసంలో ముద్రించుకోవడానికి అనుమతి కోరుతూ లేఖ

విశాఖపట్నం,
18-8-2025.

గ్రంథాలయాధికారి గారికి,
గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయం,
రాజమహేంద్రవరం.

విషయం: పోతన భాగవతం తాళపత్ర ప్రతిలోని ఆరు ఫోటోలను పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో చేర్చుకోవడానికి అనుమతి గురించి.

గౌరవనీయులైన గ్రంథాలయాధికారి గారికి నమస్కారాలు.

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో పరిశోధక విద్యార్థినిని. భాగవతం తాళపత్ర ప్రతుల చివర లేఖకులు రాసుకున్న మాటల మీద పని చేస్తున్నాను. జనవరిలో నాలుగు రోజులు మీ దగ్గర కూర్చుని అష్టమ స్కంధం కట్ట చూసుకున్నాను. మీ సిబ్బంది ప్రతి ఆకునూ తామే తిప్పి చూపించారు. ఆ ఓపికకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. అప్పుడు మీరు ఫోన్‌తో ఫోటోలు తీసుకోనిచ్చింది చదువుకోవడం కోసమే. అచ్చు వేయడానికి ఆ మాట సరిపోదు కాబట్టి మళ్లీ అడుగుతున్నాను.

నాకు కావలసినవి ఆరు ఫోటోలు: కట్ట పైచెక్క, మొదటి ఆకు ముందు వైపు, గజేంద్రమోక్షంలో ‘అల వైకుంఠపురంబులో’ పద్యం ఉన్న ఆకు రెండు వైపులా, చివరి ఆకు రెండు వైపులా.

పాఠం టైపు చేసి పెడితే చాలదా అని మీకు అనిపించవచ్చు. చివరి ఆకు విషయంలో చాలదు. లేఖకుడు అక్కడ సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం రాశాడు. ఆ సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి, ఏ చుట్టులోదో తేల్చాలంటే వారమే ఆధారం. సరిగ్గా అక్కడే పురుగు రంధ్రం పడి, మొదటి అక్షరంలో సగమూ రెండో అక్షరం కింది భాగమూ పోయాయి. మిగిలిన గీతలను నేను ‘భౌమవారం’ అని చదివాను. ‘సౌమ్యవారం’ అని చదివేవాళ్లూ ఉంటారు. మంగళవారమా, బుధవారమా అన్నదాన్ని బట్టి ఈ తాళపత్ర ప్రతి వయసు అరవై ఏళ్లు అటూ ఇటూ అవుతుంది. నా మాట నమ్మమని కాకుండా, చదివేవాళ్లు తమ కళ్లతో చూసి తేల్చుకోవాలని నా కోరిక. వలపలగిలకలూ అంతే, ఇప్పటి లిపిలోకి మార్చి టైపు చేస్తే లేఖకుడి అలవాటే కనపడకుండా పోతుంది.

ఈ కట్ట ఒకప్పుడు ఒక ఇంటి పూజలో ఉన్నది. పైచెక్క మీద పసుపు, కుంకుమ మరకలు ఇంకా ఉన్నాయి. వాటిని ఎడిటింగ్‌లో చెరపను. ఈ ఫోటోలను అట్ట మీద గానీ, పోస్టర్ల మీద గానీ, అలంకారంగా ఇంకెక్కడా గానీ వాడను. కట్ట ఇచ్చిన కుటుంబం ఏవైనా షరతులు పెట్టి ఉంటే తెలియజేయండి, పాటిస్తాను. వాళ్ల పేరు వ్యాసంలో రాయను. పైచెక్క ఫోటో వద్దనుకుంటే అది ఒక్కటీ వదిలేసి మిగతా ఐదింటికి అనుమతి ఇచ్చినా చాలు.

ఒక విషయం ముందే చెప్పాలి. డిగ్రీ వచ్చాక సిద్ధాంత వ్యాసం శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళుతుంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాబట్టి అనుమతి అచ్చు ప్రతులకే కాక దానికి కూడా వర్తించేలా ఇవ్వవలసిందిగా మనవి. ఆన్‌లైన్‌లో పెద్ద సైజు ఫోటోలు ఉండటం మీకు ఇష్టం లేకపోతే అక్కడ చిన్నవి పెడతాను, చివరి ఆకును మాత్రం అక్షరాలు కనిపించేంత సైజులో ఉంచనివ్వండి. తర్వాత ఎప్పుడైనా పుస్తకంగా వేస్తే మళ్లీ విడిగా అడుగుతాను.

ప్రతి ఫోటో కింద ‘గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయం, రాజమహేంద్రవరం వారి అనుమతితో’ అని, కట్ట నంబరుతో సహా వేస్తాను. వేరే మాటలు కావాలంటే అవే వేస్తాను. రుసుము ఉంటే చెల్లిస్తాను. వ్యాసం ప్రతి ఒకటీ, చివరి ఆకుకు నేను రాసుకున్న పూర్తి పాఠమూ మీ గ్రంథాలయానికి ఇస్తాను.

అక్టోబరు నెలాఖరుకు వ్యాసం సమర్పించాలి. సెప్టెంబరు 20లోగా మీ జవాబు అందితే టెన్షన్ లేకుండా పేజీలు సిద్ధం చేసుకోగలను. ఈ అనుమతి పై అధికారులు ఇవ్వవలసినదైతే ఎవరికి రాయాలో చెప్పండి. ఆరు ఫోటోల ప్రింట్లు, మా గైడ్ గారి సిఫారసు లేఖ జత చేశాను.

ఆ చివరి ఆకులోనే లేఖకుడు, చాలా ప్రతుల్లో కనిపించే ఆ పాత శ్లోకం రాశాడు: ‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకం.’ నూనె తగలనివ్వకు, నీళ్లు తగలనివ్వకు, కట్టు వదులు కానివ్వకు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే చెబుతోంది. మొదటి మూడూ ఇన్నేళ్లుగా మీరు చూసుకుంటున్నారు. నాలుగోది నా విషయంలో మీరే నిర్ణయించాలి.

ఇట్లు,
భవదీయురాలు,
కె. శ్రీలక్ష్మి
పరిశోధక విద్యార్థిని, తెలుగు శాఖ,
ఆంధ్ర విశ్వవిద్యాలయం, విశాఖపట్నం.