గ్రంథాలయంలో పుస్తకాల ఇష్యూ: మూడు లెవల్స్‌లో డీఎఫ్‌డీ

పరకాల దగ్గరి ఒక శాఖా గ్రంథాలయాన్ని తీసుకుందాం. లైబ్రేరియన్ ఒక్కరే. పుస్తకానికి గడువు 14 రోజులు, దాటితే రోజుకు రూపాయి ఫైన్. ఇంత చిన్న చోటైనా, సమాచారం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చూపే డేటా ఫ్లో డయాగ్రమ్, అంటే డీఎఫ్‌డీ, గీయడానికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి.

ముందు గుర్తులు. టామ్ డిమార్కో 1978లో వాడిన పద్ధతినే ఇక్కడ వాడుతున్నాను: ప్రాసెస్‌కు వృత్తం, బయటివాళ్లకు చతురస్రం, డేటా స్టోర్‌కు రెండు సమాంతర గీతలు, ప్రవాహానికి బాణం. బాణం మీద నడిచేది సమాచారమే. పుస్తకం చేతులు మారుతుంది కానీ బొమ్మలో కనబడేది దాని అక్సెషన్ నంబరు. ఒకే పుస్తకానికి రెండు ప్రతులుంటే రెండు నంబర్లుంటాయి.

లెవల్ 0

మధ్యలో ఒకటే వృత్తం: ‘పుస్తకాల ఇష్యూ వ్యవస్థ’. బయట ఇద్దరే: సభ్యుడు, జిల్లా గ్రంథాలయ సంస్థ. సభ్యుడి నుంచి సభ్యత్వ దరఖాస్తు, పుస్తకం కావాలన్న అభ్యర్థన, వాపసు వివరం లోపలికి వస్తాయి. అతనికి కార్డు, ఇష్యూ జవాబు, ఫైన్ రసీదు వెళ్తాయి. సంస్థ కొత్త పుస్తకాల జాబితా పంపుతుంది, నెలవారీ లెక్క అందుకుంటుంది. మొత్తం ఎనిమిది బాణాలు. డేటా స్టోర్లు ఈ లెవల్‌లో గీయం.

లైబ్రేరియన్‌ను బయట పెట్టాలా అని విద్యార్థులు ప్రతి ఏడూ అడుగుతారు. మనం గీస్తున్నది కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒక్కదానికే అయితే ఆయన బయటివాడు. ఇక్కడ ఇష్యూ పని మొత్తాన్నీ గీస్తున్నాం, ఆ పని చేసేదే ఆయన. కాబట్టి లోపలే ఉంటాడు, విడిగా కనబడడు.

లెవల్ 1

వృత్తాన్ని విప్పితే ఐదు పనులు: 1.0 సభ్యత్వం, 2.0 ఇష్యూ, 3.0 వాపసు–ఫైన్, 4.0 కొత్త పుస్తకాల నమోదు, 5.0 నెలవారీ లెక్క. స్టోర్లు నాలుగు: D1 సభ్యులు, D2 పుస్తకాలు, D3 ఇష్యూ రిజిస్టర్, D4 ఫైన్ రిజిస్టర్. 2.0 మూడింటిని చూస్తుంది. సభ్యత్వం నడుస్తోందా అన్నది D1లో, బీరువాలో ఆ ప్రతి ఉందా అన్నది D2లో, ఇతని దగ్గర ఇప్పటికే ఎన్ని ఉన్నాయన్నది D3లో. ఇస్తే D3లో కొత్త వరుస రాస్తుంది, D2లో ఆ ప్రతి స్థితి మారుస్తుంది. 3.0 తప్ప మిగతా వృత్తాల్లో చిక్కేమీ లేదు.

లెవల్ 2: 3.0ను విప్పడం

అసలు పరీక్ష ఇక్కడే. 3వ తేదీన ఇచ్చిన పుస్తకానికి గడువు 17, వాపసు వచ్చింది 22న. ఐదు రోజులు, ఐదు రూపాయలు అని లెక్కేశాను. బొమ్మ చూపించగానే లైబ్రేరియన్ ఆపారు: “మేడారం జాతరకు రెండు దినాలు బంద్ ఉంటిమి కద సార్. తలుపులే తెరవని దినాలకు ఫైన్ ఎట్ల వేస్త?”

ఆయన చెప్పింది నిజం. ఆ రెండు రోజులు తీసేస్తే మూడు రూపాయలే. రోజులు లెక్కించే వృత్తానికి గడువు తేదీ, వాపసు తేదీ మాత్రమే ఇచ్చాను. వాటితో సరైన జవాబు రాదు. లోపలికి వచ్చే సమాచారం బయటికి పోయేదానికి చాలకపోతే దాన్ని గ్రే హోల్ అంటారు. సెలవుల జాబితా కావాలి, అంటే D5. సవరించాక 3.0 ఇలా ఉంది:

```
3.1 నమోదు వెతకడం   : వాపసు వివరం + D3 -> గడువు తేదీ, వాపసు తేదీ
3.2 రోజుల లెక్క      : గడువు తేదీ + వాపసు తేదీ + D5 -> ఆలస్య దినాలు
3.3 ఫైన్ వసూలు      : ఆలస్య దినాలు -> ఫైన్ రసీదు, D4
3.4 నమోదు ముగింపు  : వాపసు వివరం -> D3, D2
```

పని ఇంతటితో అయిపోలేదు. D5లోకి జాబితా ఎలా వచ్చింది? సంస్థ పంపుతుంది. కానీ బయటివాళ్ల బాణం నేరుగా స్టోర్‌లోకి పోకూడదు, మధ్యలో ప్రాసెస్ ఉండాలి. అందుకని లెవల్ 1లో 6.0 ‘సెలవుల నమోదు’ చేరింది, D5 నుంచి 3.0కు బాణం పడింది. లెవల్ 0లో సంస్థ నుంచి తొమ్మిదో బాణం వచ్చింది. పిల్ల బొమ్మలో బయటినుంచి వచ్చే, బయటికి పోయే ప్రతి బాణం తల్లి బొమ్మలోనూ కనబడాలి. బ్యాలెన్సింగ్ అంటే ఇదే. కింద దిద్ది పైన వదిలేస్తే మూడు బొమ్మలూ మూడు వేర్వేరు గ్రంథాలయాలవి అవుతాయి.

సమయానికి తెచ్చినవాళ్లకు రసీదు ఉండదు కదా, ఆ షరతు ఎక్కడ? డీఎఫ్‌డీలో షరతులకు గుర్తు లేదు, ఫ్లోచార్ట్ డైమండ్‌ను తెచ్చి పెట్టొద్దు. 3.3ను ఇంకా విప్పాల్సిన పని కూడా లేదు, నాలుగు వరుసల్లో రాసేయవచ్చు:

```
ఆలస్య దినాలు > 0 అయితే
    ఫైన్ = ఆలస్య దినాలు × 1
    D4లో రాయి
    రసీదు ఇవ్వు
```