6. సుస్థిరత: అనంతపురం బాలికల వసతిగృహానికి శక్తి, నీరు, నిర్మాణ సామగ్రి ఎంపికలు

240 మంది విద్యార్థినుల కోసం 4,200 చదరపు మీటర్ల నిర్మిత వైశాల్యంతో రూపొందించిన ఈ మూడంతస్తుల భవనాన్ని, పర్యావరణహిత భవనాలకు రేటింగు ఇచ్చే గృహ 2019 పద్ధతిలో నాలుగు నక్షత్రాల రేటింగుకు ప్రతిపాదిస్తున్నాము. ఆ స్థాయికి నూటికి 71 నుంచి 85 పాయింట్లు రావాలి. ప్రస్తుత డిజైన్‌కు 74 వస్తాయని మా అంచనా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ ఊళ్లో ముందుగా తేల్చుకోవలసింది నీటి సంగతే కాబట్టి ఈ అధ్యాయాన్ని దానితోనే మొదలుపెడుతున్నాము.

6.1 నీరు

జాతీయ భవన నియమావళి లెక్క ప్రకారం వసతిగృహంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలి. గాలి కలిపే కుళాయి మూతులు, తక్కువ ధార షవర్లు, రెండు మీటల ఫ్లష్ తొట్లు వాడి ఈ అవసరాన్ని 86 లీటర్లకు తగ్గించాము. ఇందులో స్నానానికి 30, బట్టలుతకడానికి 20, ఫ్లష్‌కు 20 లీటర్లు పోగా, తాగడానికీ వంటకూ 8, పాత్రలకూ శుభ్రతకూ మరో 8 లీటర్లు ఉంచాము. అంటే భవనం మొత్తానికి రోజుకు 32,400 లీటర్లకు బదులు 20,640 లీటర్లు సరిపోతాయి.

స్నానాల, ఉతుకుల నీటిని వేరే గొట్టాల ద్వారా తీసుకెళ్లి, తేర్పు తొట్టిలో నిలిపి, మెట్టతామర నాటిన కంకర మడి గుండా పంపి, ఇసుక వడపోత, క్లోరినేషన్ తర్వాత తిరిగి వాడతాము. రోజుకు చేరే 12,000 లీటర్లలో 10,200 లీటర్లు చేతికి వస్తాయి; ఫ్లష్‌కు 4,800 పోగా మిగిలిన 5,400 లీటర్లు చెట్లకు వెళతాయి. వంటగది నీటిలో జిడ్డు మడిని పూడ్చేస్తుంది కాబట్టి దాన్ని ఇందులో కలపడం లేదు.

వాననీటి విషయంలో ఉన్నమాట చెప్పాలి. 1,100 చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదిలో పడే వానలో 80 శాతం పట్టగలిగినా 4.84 లక్షల లీటర్లే వస్తాయి, అది ఫ్లష్ పోగా మిగిలే ఈ భవనపు తాజా నీటి అవసరానికి 30 రోజులకు మించి చాలదు. అందుకే భారీ భూగర్భ ట్యాంకుకు ఖర్చు పెట్టకుండా, 60,000 లీటర్ల సంపు ఒకటి కట్టి, దాని నుంచి పొర్లిన నీటిని బోరుబావి చుట్టూ తవ్వే ఇంకుడు గుంతల్లోకి మళ్లిస్తున్నాము.

6.2 శక్తి

విద్యార్థినుల గదులకు ఏసీలు లేవు. ఆ మాట ధైర్యంగా చెప్పాలంటే కట్టడమే వేడిని ఆపాలి. గదులన్నీ ఉత్తర, దక్షిణ ముఖాలకే పెట్టి, సాయంత్రపు ఎండ తగిలే పడమటి గోడ వెంట మెట్లు, మరుగుదొడ్లు, సామాన్ల గదులు ఉంచాము. ఆ వైపున్న నాలుగు వేపచెట్లను కొట్టకుండా కాపాడుకోవడానికి భవనాన్ని ఆరు మీటర్లు తూర్పుకు జరిపాము. ఆ నీడకు సాటివచ్చే సన్‌షేడ్ మేము గీయలేము. పై అంతస్తును ఎక్కువగా వేధించేది మిద్దె వేడి కనుక స్లాబు మీద 75 మిల్లీమీటర్ల ఉష్ణనిరోధక పలకలు, వాటిపై తెల్ల టైల్స్ వేస్తాము.

మొత్తం 160 ఫ్యాన్లకు 75 వాట్లవి కాకుండా 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఎంచుకున్నాము. రోజుకు 12 గంటల చొప్పున 270 రోజులు తిరిగితే ఏటా సుమారు 23,300 యూనిట్లు మిగులుతాయి. అన్నీ కలిపి వార్షిక వినియోగం 78,000 యూనిట్లు, అంటే చదరపు మీటరుకు 19 యూనిట్ల లోపు. మిద్దె మీది 40 కిలోవాట్ల సౌర ఫలకాలు, కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన, ఏటా 58,400 యూనిట్లు ఇచ్చి ఇందులో మూడొంతుల దాకా భర్తీ చేస్తాయి. వేడినీళ్లకు సౌర హీటర్లు విడిగా ఉంటాయి.

6.3 నిర్మాణ సామగ్రి

గోడలకు ఫ్లైయాష్ ఇటుకలు వాడతాము. వాటికి కావలసిన బూడిద ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం నుంచి దొరుకుతుంది. లోపల గాలి బుడగలుండే ఏఏసీ కాంక్రీటు దిమ్మెలు తేలికగా ఉండి వేడిని ఇంకా బాగా ఆపేవే అయినా, వాటిని దూరం నుంచి లారీల్లో తేవలసి రావడం, దారిలో పగిలేవి ఎక్కువగా ఉండడం చూసి వద్దనుకున్నాము. కాంక్రీటుకు బూడిద కలిపి చేసే పీపీసీ సిమెంటు, నేలకు విట్రిఫైడ్ టైల్స్ బదులు తాడిపత్రి నాపరాళ్లు వాడతాము. నాపరాయి వేసవిలో కాళ్లకు చల్లగా ఉంటుంది, అరిగినా మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు, ఆ పని తెలిసిన మేస్త్రీలు ఈ జిల్లాలోనే ఉన్నారు.

స్థలంలో కూల్చబోయే పాత వార్డెన్ క్వార్టర్స్ రాళ్లను ప్రహరీ పునాదికి, టేకు ద్వారబంధాలను భోజనశాలకు తిరిగి వాడతాము. ఇది పాయింట్ల పట్టికలో చిన్న పద్దే అయినా, టెండరు షెడ్యూలులో విడి ఐటమ్‌గా చేర్చాము. లేకపోతే ఆ రాళ్లు మొదటి వారంలోనే లారీ ఎక్కిపోతాయి.